స్టాపు చుట్టూ నిమిషాల గీత
(సొసైటీ వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈ సభలో బస్సు స్టాపు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వినగానే కొందరు మిత్రులు నవ్వారు. స్టాపు గురించి చెప్పేదేముంది, బస్సు వస్తే ఎక్కడం, రాకపోతే నిలబడడం, అంతేగదా అన్నారు. కాని మన సొసైటీ పోయిన సంవత్సరం ఒక స్టాపు విషయంలో అర్జీ రాయబోయి, అందులో ఒక పెద్ద పొరపాటు చేయబోయి, ఒక పెద్దామె అడ్డుపడడం వల్ల బయటపడింది. ఆ పొరపాటు ఎలాంటిదో, దాన్ని సరిదిద్దడానికి మేము ఏ పద్ధతి నేర్చుకున్నామో మీ ముందు పెట్టడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే బ్యాంకుకు, ఆసుపత్రికి, పిల్లల బడికి తామే తిరిగే ఇల్లాండ్లూ ఎందరో ఉన్నారు. వాళ్లకు టికెట్టు ఖర్చు తప్పింది. కాని ఇంటి నుండి స్టాపు దాకా నడక తప్పలేదు. ఆ నడక ఎంత అన్నది ఎవరూ లెక్కగట్టలేదు. కోరుట్లలో ఒక మొహల్లావాళ్లు తమకు స్టాపు దూరమైందని చెప్తే, మేము ఆ లెక్క తీయడానికి పూనుకున్నాము.

మొదట మేము చేసిన పని చాలా సులువైనది. పటం తీసుకుని, స్టాపు మీద కంపాసు ముల్లు పెట్టి, 400 మీటర్ల కొలతతో చక్రం గీశాము. మామూలు నడకకు నిమిషానికి 80 మీటర్లు అనుకుంటే 400 మీటర్లు అయిదు నిమిషాల దూరం. చక్రం లోపల మొహల్లాలోని ఇళ్లన్నీ ఇంచుమించు పడ్డాయి. అంటే ఆ మొహల్లాకు స్టాపు దగ్గరే ఉన్నట్టు తేలింది. అర్జీ అవసరం లేదని రాయబోయాము. ఆ పటం కమిటీలో చూపిస్తున్నప్పుడు, మేమందరం ఖాలా అని పిలిచే ఒక పెద్దామె లేచి ఇలా అన్నది: "బేటా, మీ చక్రంల మా ఇల్లున్నది గని, చక్రంల నడిస్తే బస్సు దొరకది. నడువవలసింది గల్లీలల్ల. నాకైతే పావుగంట మీదికే పడుతది."

ఆ ఒక్క మాటతో మా పటం చెల్లకుండా పోయింది. కాకి ఎగిరినట్టు పోయే దూరం వేరు, మనిషి గల్లీలు పట్టుకుని పోయే దూరం వేరు. ఈ తేడా ఎంతో తెలియాలంటే ఒక లెక్క చూడండి. 400 మీటర్ల చక్రంలో పట్టే నేల సుమారు 124 ఎకరాలు. అదే ఊరిలో గల్లీలన్నీ చదరంగం పలక గడులవలె నేరుగా, అడ్డంగా, ఎక్కడా మూసుకోకుండా ఉన్నాయనుకున్నా, 400 మీటర్లు నడిచి చేరగల నేల 79 ఎకరాలే. ఆకారం కూడా చక్రం కాదు, నిలబెట్టిన పలక. ఇది అన్నిటికన్నా మంచి గల్లీల సంగతి. మన పాత మొహల్లాలలో సగం గల్లీలు గోడకు కొట్టుకుని ఆగిపోతాయి. అక్కడ చేరగల నేల ఇంకా తగ్గుతుంది.

ఇట్లా గల్లీల వెంబడి నడిచి ఒక నిర్ణీత కాలంలో చేరగల చివరి చోట్లను కలుపుతూ గీసిన గీతను ఐసోక్రోన్ అంటారు. సమకాల రేఖ అని మనం చెప్పుకోవచ్చు. ఆ గీత లోపల ఏర్పడే బహుభుజిలో ఉన్న ఇల్లు ఆ కాలంలో చేరేది, బయట ఉన్నది చేరనిది. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1881లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు లండన్ నుండి ప్రపంచంలో ఏ చోటికి ఎన్ని రోజుల్లో చేరవచ్చో రంగులు వేసి ఒక పటం ప్రచురించాడు. ఆయన రోజుల్లో లెక్కించినదాన్ని మనం నిమిషాల్లో లెక్కిస్తున్నాము. ఆయన ఓడలకు వేసిన లెక్కను మనం చెప్పులకు వేస్తున్నాము.

జగిత్యాలలో 1747లో కట్టిన కోటను మీరందరూ చూసి ఉంటారు. అది గుండ్రంగా ఉండదు, నక్షత్రంవలె కొనలు బయటికి పొడుచుకుని ఉంటుంది. సరిగా గీసిన సమకాల రేఖ కూడా అట్లాగే ఉంటుంది. నేరుగా సాగిన రోడ్డు వెంబడి కొన పొడుచుకుపోతుంది, గోడలు, వాగులు, పట్టాలు ఉన్న దిక్కున లోపలికి నొక్కుకుపోతుంది. ఎవరైనా మీకు నున్నగా గుండ్రంగా ఉన్న పటం చూపితే, అది నడిచి చేసింది కాదని అక్కడే అనుమానించవచ్చు.

ఇక గీసే విధానం మనవి చేస్తాము. దీనికి డబ్బులు పెట్టి కొనవలసిన సామాను ఏమీ లేదు. ఒక కంప్యూటరు, QGIS అనే ఉచిత ప్రోగ్రాము, OpenStreetMap అనే ఉచిత పటం చాలు. లెక్క వెనుక సూత్రం 1959లో డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ప్రచురించినది. అది అర్థం కావడానికి నీళ్లను తలచుకోండి. స్టాపు దగ్గర ఒక బిందెడు నీళ్లు పోస్తే అన్ని గల్లీల్లోకి ఒకే వేగంతో పారుతాయనుకోండి. ప్రతి మూలమలుపుకూ మొదట చేరిన నీళ్లే ఆ మలుపుకు దగ్గరి దారి. పది నిమిషాలకు నీళ్లు ఎక్కడెక్కడ ఆగాయో గుర్తు పెడితే అదే మన గీత. కంప్యూటరు చేసేది ఇంతే.

మొదటి పని స్టాపును సరైన చోట పెట్టడం. ఇది చిన్న విషయంగా కనబడుతుంది, కాని మేము మొదట తప్పింది ఇక్కడే. షెల్టరు కట్టిన చోటు ఒకటి, డ్రైవరు బస్సు ఆపే చోటు మరొకటి. వానాకాలంలో షెల్టరు ముందు నీళ్లు నిలిస్తే బస్సు ముందుకు పోయి ఆగుతుంది. మనం గుర్తు పెట్టవలసింది బస్సు తలుపు తెరిచే చోటు. పైగా ప్రతి స్టాపుకు రెండు పక్కలున్నాయి. జగిత్యాల, కోరుట్లల గుండా పోయే 63వ నెంబరు జాతీయ రహదారి మీద ఎక్కే పక్క ఒకటైతే, తిరిగి వచ్చి దిగే పక్క ఎదుటిది. కనుక ఏ ఇంటివారైనా పోయేటప్పుడో, వచ్చేటప్పుడో ఒకసారి హైవే దాటక తప్పదు. మేము ఈ దాటడానికి ఒక నిమిషం కేటాయించాము. పది నిమిషాల గీత గీయాలంటే, ఎదుటి పక్కకు తొమ్మిది నిమిషాల గీతే గీశాము. ఒక నిమిషం అన్నది మా అంచనా. మీ స్టాపు దగ్గర ఉదయం పూట గడియారం పట్టుకుని పదిసార్లు దాటి చూసి మీ నిమిషం మీరే తేల్చుకోండి.

రెండవ పని గల్లీల పటం. OpenStreetMapలో పెద్ద రోడ్లు బాగానే ఉంటాయి, మొహల్లా లోపలి సందులు తరచుగా ఉండవు. లేని సందు కంప్యూటరుకు గోడతో సమానం. కనుక పటం కాగితం మీద ముద్రించుకుని, మన యువకులు ఇద్దరిద్దరు చొప్పున ప్రతి సందులో నడిచి, లేనివి గీసుకుని రావాలి. గీసేటప్పుడు ఒక జాగ్రత్త ఉన్నది. సందు గీత పెద్దరోడ్డు గీతను తాకినట్టు కంటికి కనబడితే చాలదు. రెండు గీతలకూ ఒకే ముడి ఉండాలి. ముడి లేకపోతే కంప్యూటరు ఆ సందులోకి నీళ్లను పారనివ్వదు. ఈ తప్పు ఎట్లా పట్టుకోవాలంటే, గీత గీసిన తర్వాత స్టాపుకు దగ్గరగా ఉన్న ఒక ముక్క కారణం లేకుండా ఖాళీగా ఉంటుంది. అక్కడికి పోయి చూస్తే గోడా ఉండదు, వాగూ ఉండదు. అట్లాంటి చోట తప్పు నేలది కాదు, ముడిది.

ఇందుకు తిరగబడిన తప్పు కూడా ఉన్నది. దారి కాని చోట దారి ఉన్నట్టు గీయడం. ఫంక్షన్ హాలు ఆవరణ గుండానో, బడి గేటు గుండానో పగలు మనుషులు పోతుంటారు, సాయంత్రం తాళం పడుతుంది. కోరుట్లలో రైలు మార్గం ఉన్నది. పట్టాల మీదుగా దాటిపోయే అలవాటు రైలు మార్గం ఉన్న ఏ ఊళ్లోనైనా ఉంటుంది. అది 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం, ప్రాణానికీ ముప్పు. మా కమిటీలో దీని మీద చాలా వాదన జరిగింది. జనం నడుస్తున్న దారిని పటంలో పెట్టకపోతే అబద్ధం కాదా అని కొందరు, పెడితే ఆ దారి సరైనదేనని మనమే ఒప్పుకున్నట్టు కాదా అని కొందరు. చివరికి రెండు పటాలు చేశాము. లెక్కకు తీసుకునేది గేటు, వంతెన దారులతో చేసిన పటం. పట్టాలు దాటే చోట్లను వేరే పటంలో ఎర్ర చుక్కలతో గుర్తు పెట్టాము. ఎర్ర చుక్క ఉన్న చోట ఒక మంచి దారి కొరవడిందని అర్థం.

మూడవ పని గీత గీయడం. QGISలో రోడ్ల పొరను ముందుగా EPSG:32644 అనే కొలతకు మార్చుకోవాలి. మన మూడు పట్టణాలూ ఆ మండలంలోనే పడతాయి, దూరాలు మీటర్లలో వస్తాయి. ఇది మరిచిపోయి డిగ్రీల్లో ఉన్న పటానికి తర్వాత చెప్పబోయే అంచు 25 అని ఇస్తే, కంప్యూటరు 25 మీటర్లకు బదులు 25 డిగ్రీలు వేసి భారతదేశాన్నంతటినీ మింగేస్తుంది. మాకు ఒకసారి అట్లాగే అయింది, సగం పూట నవ్వుకున్నాము. మార్చిన తర్వాత Service area (from point) అనే సాధనం తెరిచి, Shortest అని ఎంచుకుని, Travel cost దగ్గర 800 అని ఇస్తే, పది నిమిషాల నడకలో చేరగల గల్లీలన్నీ గీతలుగా వస్తాయి.

ఇక్కడ వచ్చేవి గీతలే, బహుభుజి కాదు. గీతలను బహుభుజిగా మార్చడంలో చాలామంది తప్పు చేస్తారు. చివరి కొనలన్నిటి చుట్టూ రబ్బరు బ్యాండు బిగించినట్టు గీత చుట్టేస్తారు. రబ్బరు బ్యాండు లోపలికి నొక్కుకోదు కనుక, మధ్యలో చేరలేని ఇళ్లన్నీ చేరినట్టే కనబడతాయి. చక్రంతో చేసిన తప్పును మళ్లీ దొడ్డిదారిన తెచ్చుకున్నట్టు అవుతుంది. మేము చేసింది ఏమంటే, ప్రతి గల్లీ గీతకూ రెండు పక్కలా 25 మీటర్ల అంచు వేసి అన్నిటినీ కలిపేశాము. అందుకు Buffer సాధనంలో Dissolve అనే గడి నొక్కితే చాలు. అయినా ఒక లోపం ఉన్నది. పట్టాల ఇవతలి గల్లీ అంచు అవతలి ఇంటి వెనుక గోడ దాకా పాకుతుంది. కనుక ఇంటిని లెక్కించేటప్పుడు కప్పును చూడవద్దు, వాకిలిని చూడాలి. వాకిలి ఏ గల్లీలోకి తెరుచుకుంటుందో ఆ గల్లీ చేరితేనే ఇల్లు చేరినట్టు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. నిమిషానికి 80 మీటర్లు అని ఇందాక తేలికగా అనుకున్నాము. అది ఎవరి నడక? చేతిలో ఏమీ లేని, మోకాళ్ల నొప్పి లేని మనిషి నడక. చుట్టిన బీడీల గంప పట్టుకున్న ఆమె, చంటిపిల్లను ఎత్తుకున్న ఆమె, కర్ర పట్టుకున్న తాత అట్లా నడవలేరు. మేము నలుగురు పెద్దల వెంట, వారి తీరిక ప్రకారమే నడిచి చూసి, నిమిషానికి 50 మీటర్లు అని రెండవ వేగం పెట్టుకున్నాము. అప్పుడు పది నిమిషాల నడక 800 మీటర్లు కాదు, 500 మీటర్లు. దూరం తగ్గింది మూడింట ఒక వంతు పైచిలుకే అనిపిస్తుంది. కాని నేల దూరాన్ని బట్టి కాదు, దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఒకే తీరు గల్లీలున్న చోట, యువకుడు చేరే నేల నూరు ఎకరాలైతే ముసలామె చేరేది 39 ఎకరాలే. ఒకే స్టాపు, ఒకే పది నిమిషాలు, కాని ఇద్దరి ఊరు ఒకటి కాదు.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో ప్రజారవాణా గురించి ఒకటున్నది. దానిని కొలవడానికి బస్సు స్టాపు 500 మీటర్ల నడక లోపల ఉంటే అందుబాటులో ఉన్నట్టు లెక్కిస్తారు. మెల్లగా నడిచేవారికి ఆ 500 మీటర్లు పది నిమిషాలు. అందుకే మేము పది నిమిషాలను, నెమ్మది వేగాన్ని హద్దుగా పెట్టుకున్నాము. మన అర్జీని చూసే అధికారికి ఈ హద్దు మేము ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదని చెప్పవచ్చు.

ఖాలా ఇంటి లెక్క ఇప్పుడు చెప్తాము. ఆమె ఇల్లు ఎవరికీ ఆనవాలు పట్టకుండా అంకెలు కొంత సర్దాము, కాని సంగతి మారలేదు. స్టాపు నుండి ఆమె ఇంటికి కాకి దారి 390 మీటర్లు. చక్రం లోపలే. ఇప్పుడు నడక దారి చూడండి. ఇంటి నుండి గల్లీ చివరికి 60 మీటర్లు. అక్కడ పట్టాలు అడ్డం. స్టాపు తూర్పున ఉంటే గేటు పడమట ఉన్నది. కనుక స్టాపుకు ఎదురు దిక్కుగా 170 మీటర్లు పోవాలి. గేటు దాటడం 40 మీటర్లు. గేటు నుండి హైవే దాకా 240 మీటర్లు. ఇక హైవే వెంబడి వెనక్కి తూర్పుకు 360 మీటర్లు. మొత్తం 870 మీటర్లు. యువకుడికి పదకొండు నిమిషాలు, ఖాలాకు పదిహేడున్నర నిమిషాలు. హైవే దాటే నిమిషం కలిపితే పద్దెనిమిదిన్నర. ఆమె పావుగంట మీదికే అన్నది ఉత్త మాట కాదు. గేటు పడి ఉన్న సమయం ఇందులో కలపలేదు. అది కలిపితే ఎంతో రైలును బట్టి ఉంటుంది.

ఇప్పుడు ఏమి అడగాలి? మొహల్లావాళ్లు మొదట కోరింది స్టాపును 150 మీటర్లు పడమటికి, గేటు వైపు జరపమని. జరిపితే ఖాలా నడక 720 మీటర్లు అవుతుంది. అంటే పద్నాలుగున్నర నిమిషాలు, దాటే నిమిషం కలిపితే పదిహేనున్నర. మేలే గాని పది నిమిషాల్లోకి రాలేదు. పైగా తూర్పు పక్కనున్న ఇళ్లవారికి అదే 150 మీటర్లు పెరుగుతుంది. వారు కూడా మన ఇరుగుపొరుగే. వారి ఇళ్లను కూడా పటంలో పెట్టి చూడకుండా ఆ అర్జీ పంపితే ఒకరి భారం ఇంకొకరి నెత్తిన పెట్టినట్టు అవుతుంది.

రెండవ మార్గం గల్లీ చివరనే పట్టాల కింద నడకదారి. అది ఉంటే 60, 40, 240, ఆపైన హైవే వెంబడి 190, మొత్తం 530 మీటర్లు. పదిన్నర నిమిషాల పైన, హైవే దాటే నిమిషంతో పదకొండున్నర. హద్దుకు కొంచెం ఇవతల ఆగిపోయింది, కాని స్టాపు జరపడం కన్నా ఎక్కువ మేలు చేసింది, తూర్పువారి నుండి ఏమీ తీసుకోలేదు. రెండూ చేస్తే 380 మీటర్లు, దాటే నిమిషంతో కలిపి ఎనిమిదిన్నర నిమిషాలు. కాకి దారిని బట్టి చూసిన మాకు ఆ మొహల్లాకు ఏ కష్టమూ లేదు. మొహల్లావాళ్లకు కష్టం తెలుసు గాని దానికి మూలం స్టాపు అనుకున్నారు. గీత గీసిన తర్వాత తేలింది ఏమంటే, మూలం స్టాపు కాదు, అడ్డంగా పడుకున్న పట్టాలు. అడగవలసిన ఆఫీసు కూడా మారిపోయింది. స్టాపుకు ఆర్టీసీ డిపో, నడకదారికి రైల్వే, గల్లీ లైట్లకు మునిసిపాలిటీ. ఒకే కాగితం ముగ్గురికీ పంపితే ముగ్గురూ ఎదుటివారి పని అంటారు. మూడు వేర్వేరు కాగితాలు రాశాము.

లైట్లు అన్నాము గనుక సిరిసిల్ల మాట. మరమగ్గాల ఊరు కనుక అక్కడ రాత్రి పాళీలు చేసేవారున్నారు, పనికి పోయేదీ, ఇంటికి వచ్చేదీ చీకట్లో. పగలు తీసిన గీత రాత్రికి పనికిరాదు. ఆడవాళ్లు మగ్రిబ్ తర్వాత ఏ గల్లీ గుండా పోరో, ఎక్కడ కుక్కల భయమో, ఎక్కడ దీపం లేదో వాళ్లనే అడిగి, ఆ గల్లీలను తీసివేసి రెండవ గీత గీయాలి. పగటి గీతకూ రాత్రి గీతకూ మధ్య మిగిలిన నేల ఎంతో, దీపాలు పెట్టవలసిన గల్లీలు ఏవో అప్పుడు తెలుస్తుంది. దీనికి ఏ ప్రోగ్రామూ సమాచారం ఇవ్వదు. మన చెల్లెళ్లే ఇవ్వాలి, కనుక అడిగేవాళ్లు కూడా ఆడపిల్లలే కావాలి.

గీత నిజమో కాదో పరీక్షించే పద్ధతి కూడా మనవి చేస్తాము. గీత మీద, అంటే హద్దు అంచున ఉన్న వాకిళ్లను నాలుగు దిక్కులా ఏరుకోవాలి. ఆ వాకిలి నుండి స్టాపు దాకా ఇంటివారితోనే, వారి వేగంతోనే నడిచి గడియారం చూడాలి. పటం పది అంటే కాలు పదకొండు అన్నా ఫరవాలేదు. పద్నాలుగు అంటే ఏదో తప్పున్నది. ఆ ఒక్క దిక్కునే తప్పుంటే గల్లీ పటంలో ముడి గాని, గోడ గాని పొరపాటు. అన్ని దిక్కులా ఒకే తీరుగా ఎక్కువ వస్తే మనం పెట్టుకున్న వేగం తప్పు. ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవద్దు. మేము మొదట వేగం తగ్గించి తప్పును కప్పిపుచ్చాము, తర్వాత చూస్తే ఒక సందుకు ముడి పడలేదు.

ఇళ్ల లెక్కలోనూ ఒక ఉచ్చు ఉన్నది. 2011 జనాభా లెక్కల నుండి వార్డు జనాభా తీసుకుని, వార్డు నేలలో ఎంత వంతు గీత లోపల పడితే అంత వంతు జనం చేరినట్టు రాస్తే పని చిటికెలో అయిపోతుంది. కాని ఒక వార్డులోనే ఒక పక్క ఇరుకు గల్లీల్లో ఇంటికి ఇల్లు ఆనుకుని ఉంటే, ఇంకో పక్క ఖబరస్తానో, ఖాళీ ప్లాట్లో ఉంటాయి. జనం నేల మీద సమానంగా పరిచినట్టు ఉండరు. పైగా 2011 తర్వాత ఎన్నో ఇళ్లు లేచాయి. కనుక ఇంటింటికీ తిరిగి వాకిళ్లు లెక్కపెట్టక తప్పదు. అట్లా లెక్కపెట్టిన పటంలో ఏ ఇంట్లో ముసలివారు ఒంటరిగా ఉన్నారో, ఏ ఇంటి మగవారు గల్ఫ్‌లో ఉన్నారో కూడా వచ్చి పడుతుంది. అది ఇతరుల చేతిలో పడకూడని సమాచారం. కనుక ఈ సంచికలో గాని, అర్జీలో గాని ఇళ్ల చుక్కలు అచ్చు వేయలేదు. గల్లీవారీగా మొత్తాలే ఇచ్చాము. చుక్కల పటం సొసైటీ బీరువాలో ఉంటుంది.

ఈ గీత చెప్పని సంగతి ఒకటున్నది, అది దాచకూడదు. గీత లోపల ఉన్నంత మాత్రాన బస్సు దొరికినట్టు కాదు. స్టాపుకు అయిదు నిమిషాల్లో చేరి గంట నిలబడితే ఆ అయిదు నిమిషాలకు విలువేమిటి? నిండుగా ఉన్న బస్సు ఆపకుండా పోతే గీత ఏం చేస్తుంది? సమకాల రేఖ ఇంటికీ స్టాపుకూ మధ్యనున్న నడకకే సాక్షి. బస్సుల రాకపోకలకు వేరే సాక్ష్యం కావాలి, స్టాపులో కూర్చుని రాసుకోవాలి. ఒక సాక్షి చేత రెండు వాంగ్మూలాలు చెప్పించరాదు.

చివరగా ఒక్క మాట చెప్పి ముగిస్తాము. కొత్త పటం తయారైన తర్వాత మొదట ఖాలాకే చూపించాము. రంగు వేసిన బహుభుజి, దాని నడుమ స్టాపు. పట్టాల దగ్గర గీత కోసినట్టు ఆగిపోయింది. ఆమె తన గల్లీని వేలితో వెతుక్కున్నది. అది రంగు బయట, తెల్ల కాగితం మీద ఉన్నది. చెడ్డ వార్త చెప్తున్నామనే సంకోచంతో నిలబడ్డాము. ఆమె మాత్రం తృప్తిగా తలూపి, "ఇప్పుడు మా ఇల్లు బయట వడ్డది. నిజం రాసిండ్రు" అన్నది.

మూడు అర్జీలూ చేరవలసిన చోట్లకు చేరాయి. జవాబులు ఇంకా రావలసి ఉన్నది. వచ్చిన నాడు ఈ సంచికలోనే అచ్చు వేస్తాము. జగిత్యాల, సిరిసిల్లల నుండి వచ్చిన కమిటీలవారు తమ స్టాపుకు ఇట్లా గీయదలిస్తే గల్లీల పటం, గడియారం, నెమ్మదిగా నడిచే ఒక పెద్దమనిషి, ఈ మూడూ సిద్ధం చేసుకుని కబురు చేయండి. మా యువకులు కంప్యూటరుతో వస్తారు.